మొదటి నాలుగు పేజీల గురించి

తమ్ముడికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. అనంతపురం పల్లెలో బోరు వేయించే రాత్రి నీ కథకు అసలైన మొదలు. అయితే ఆ రిగ్గు లారీ ఊళ్ళోకి వచ్చేసరికి పదో పేజీ అయింది. అంతకుముందు తొమ్మిది పేజీలలో సూర్యోదయం, ఊరి నైసర్గిక స్వరూపం, తాతగారి ఆస్తి పంపకాలు, కరువు చరిత్ర ఉన్నాయి. అవి బాగా రాయలేదని కాదు. ఎవరికి ఏం కావాలో తెలియకముందే ఊరంతా తిప్పి చూపిస్తే, ఆ చూసినదేదీ పాఠకుడికి గుర్తుండదు.

నీ పదకొండో పేజీలో ఒక మాట ఉంది: అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు మూడు వందల అడుగులకే సరిపోతుందని. నవల అక్కడ మొదలవుతుంది. బోరుకు కూలి అడుగు లెక్కన కడతారు, రాడ్డు ఇరవై అడుగులుంటుంది, కాబట్టి దిగే ప్రతి రాడ్డుతోనూ ఆ కమ్మలు కొంత కరిగిపోతాయి. ఈ లెక్క తెలిసిన పాఠకుడికి ‘ఆ కుటుంబం అప్పుల ఊబిలో కూరుకుపోయింది’ అని నువ్వు విడిగా చెప్పనక్కరలేదు. నేనైతే ఇలా మొదలుపెట్టి చూస్తాను:

‘పదిహేనో రాడ్డు దిగాక నాయన లెక్కపెట్టడం మానేశాడు. రిగ్గు మీది తమిళ కుర్రాడు మాత్రం రాడ్డు మార్చినప్పుడల్లా మావైపు చూసి వేళ్ళు చూపిస్తానే ఉన్నాడు. గుంతలోంచి ఇంకా పొడి దుమ్మే లేస్తా ఉంది. అమ్మ కొంగు తల మీదికి లాక్కొని చెవులు కప్పుకుంది. చలికేమో అనుకున్నాను.’

ఇందులో ఊరి పేరు లేదు, సంవత్సరం లేదు, కరువు అన్న మాటే లేదు. పదిహేను రాడ్లంటే మూడు వందల అడుగులు. డబ్బు అక్కడికి అయిపోయిందని పాఠకుడికి ఇంకా తెలియదు, తండ్రి మౌనం మాత్రం తెలుసు. తాకట్టు సంగతి తర్వాతి పేజీలో వచ్చినప్పుడు, ఆ కప్పుకున్న చెవులు అతనికి మళ్ళీ కనిపిస్తాయి. స్థలవర్ణన కూడా ఇంతే. ఆ రాత్రి అక్కడ నిలబడ్డవాళ్ళందరూ చూసేది దుమ్ము రంగునూ అది తడిసిందా లేదా అన్నదాన్నే గాని చుట్టూ ఉన్న కొండలను కాదు. వాళ్ళు చూడనిదాన్ని నువ్వు వర్ణిస్తే అది నీ కన్ను, కథకుడి కన్ను కాదు.

కంఠస్వరం విషయంలో నీ ప్రతిలో పెద్ద చిక్కే ఉంది. కథ చెబుతున్నది ఆనాటి పన్నెండేళ్ళ పిల్లవాడు, కానీ అతని నోట ‘ఆర్థిక సంక్షోభం’, ‘నాన్నగారు’ అన్న మాటలు వచ్చాయి. ఆ ఇంట్లో ఆ పిల్లవాడు ‘నాయన’ అనే అంటాడు. అలాగని ప్రతి క్రియాపదాన్నీ మాండలికంలోకి మార్చవద్దు. అలా మారిస్తే బయటి ప్రాంతంవాడు మొదటి పేజీలోనే అర్థాలు వెతుక్కుంటూ ఆగిపోతాడు. సంభాషణలో పూర్తి యాసను ఉంచి, కథనంలో ‘నాయన’, ‘లేస్తా ఉంది’ వంటి కొద్ది మాటలను మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున వాడితే చాలు. పెద్దవాడై చెబుతున్నాడా, అప్పుడే చూస్తూ చెబుతున్నాడా అన్నది కూడా ముందే తేల్చుకో. నేను రాసిన నాలుగు ముక్కల్లో ‘చలికేమో అనుకున్నాను’ అన్న వాక్యం ఆ పని కోసమే ఉంది.

నా తొలి నవల మొదటి పేజీలో ఒక శవాన్ని పడుకోబెట్టి, రెండో అధ్యాయంలో ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాను. అది ఆసక్తి కలిగిస్తుందని నా నమ్మకం. చదివిన మిత్రుడొకరు ‘చచ్చినవాడు ఎవరో నాకు తెలియదు కదయ్యా, ఎందుకు బాధపడాలి?’ అన్నారు. ఇప్పటికీ ఆ పేజీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

తిరగరాశాక మొదటి నాలుగు పేజీలను కథ తెలియనివారెవరికైనా చదివి వినిపించి, అక్కడే ఆపు. బాగుందా అని అడగవద్దు, మన మొహం చూసి బాగుందనే అంటారు. వాళ్ళంతట వాళ్ళు ఏమడుగుతారో విను. ‘నీళ్ళు పడ్డాయా?’, ‘ఇంకో రాడ్డు వేయమన్నాడా?’ అంటే కథ పట్టుకున్నట్టే. ‘ఈ కుర్రాడెవరు, అక్కడెందుకున్నాడు?’ అంటే వాళ్ళు ఇంకా తలుపు బయటే ఉన్నారు, ఒకటి రెండు ఆనవాళ్ళు ముందుకు తేవాలి.

తీసేసిన తొమ్మిది పేజీలు పారేయవద్దు. తాతగారి పంపకాల కథకు చోటు నాకు నీ నాలుగో అధ్యాయంలో కనిపించింది. బోరు ఎండిపోయాక నాయన పాత బావిని పూడిక తీయిద్దామంటే, అందులో సగం మాదని పెదనాయన అడ్డం వచ్చే చోట.