ఇన్సిడెన్స్ అంటే పతనమేనా?

సందేహం: మా పాలిటెక్నిక్ పిల్లలకు సర్క్యూట్ల పాఠం తెలుగులో రాసిస్తున్నాను. ‘ఇన్సిడెన్స్ మ్యాట్రిక్స్’ను ‘పతన మాత్రిక’ అని రాస్తే తోటి లెక్చరర్ నవ్విండు. మరి ఏమనాలి? నోడ్‌ను కణుపు అనాలా, చౌరస్తా అనాలా?
– ఒక లెక్చరర్, హనుమకొండ

సమాధానం: ఆయన నవ్వడంలో తప్పు లేదు. పతన కిరణం, పతన కోణం కాంతి పాఠంలోని మాటలు. అక్కడ కిరణం నిజంగానే వచ్చి అద్దం మీద పడుతుంది. సర్క్యూట్‌లో ఏదీ ఎక్కడా పడదు. ఏ శాఖ ఏ నోడ్‌ను తాకుతోంది, తన మొదలుతో తాకుతోందా చివరతో తాకుతోందా అన్నదే ఈ మాత్రిక చెబుతుంది. దాని అడ్డు వరుసలు నోడ్‌లు, నిలువు వరుసలు శాఖలు. కాబట్టి నేనైతే ‘కూడలి–శాఖల మాత్రిక’ అంటాను.

కణుపును చెరకుకూ వెదురుకూ వదిలేయండి. గడ మీద కణుపులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అక్కడ దారులు కలవవు. చౌరస్తాలోని ‘చౌ’ అంటే నాలుగు. మూడు దారులు కలిసేచోటును కూడా మనవాళ్లు చౌరస్తా అనేస్తారు కానీ, లెక్కల పాఠంలో ఆ చనువు వద్దు. ‘కూడలి’కి అంకెతో పేచీ లేదు. పిల్లలకు కాజీపేట జంక్షన్ చూపించండి: సికింద్రాబాద్, బల్లార్షా, వరంగల్ వైపు లైన్లు అక్కడే కలుస్తాయి. ఒక్కటే తేడా. రైలు కాజీపేటలో ఆగుతుంది, కరెంటు కూడలిలో ఆగదు. వచ్చినంతా పోవాల్సిందే. అదే కిర్కాఫ్ నియమం.

మాటలు సరిగ్గా కుదిరాయో లేదో తేలాలంటే ఒక లెక్క చేసి చూడాలి. 1, 2 అని రెండు కూడలులు, ఆధార కూడలి 0. (దీన్ని ‘ఎర్త్’ అనకండి. నేలకు తీగ వేయకపోయినా ఇది ఉంటుంది.) మూడు శాఖలు: 1 నుంచి 0కు 2 ఓమ్‌లు, 1 నుంచి 2కు 4 ఓమ్‌లు, 2 నుంచి 0కు 4 ఓమ్‌లు. 1వ కూడలిలోకి బయటి నుంచి 5 ఆంపియర్ల కరెంటు వస్తోంది. శాఖ కూడలి నుంచి బయలుదేరితే +1, అక్కడికి చేరితే −1, తాకకపోతే 0 వేయాలి. ‘బయలుదేరు’, ‘చేరు’ అన్న క్రియలనే పట్టుకోండి. ‘ప్రవహించు’ అని రాస్తే, బాణం గుర్తు నిజం కరెంటు దిక్కే అనుకుంటారు పిల్లలు. అది మనం పెట్టుకున్న గుర్తు మాత్రమే.

ప్రతి శాఖకూ ఒక మొదలు, ఒక చివర ఉంటాయి గనుక, మూడు కూడలులకూ రాసిన మాత్రికలో ప్రతి నిలువు వరుస మొత్తం సున్నా అవుతుంది. అంటే ఒక అడ్డు వరుస అదనం. దాన్ని ఉంచితే సమీకరణాలకు ఒకే జవాబు ఉండదు. కంప్యూటర్ `Singular matrix` అంటుంది, లేదా అర్థంలేని పెద్ద అంకెలు ఇస్తుంది. అందుకే ఆధార కూడలి వరుసను తీసేస్తాం. మిగిలింది A. నిరోధాల విలోమాలైన వాహకత్వాలు G. బయటి నుంచి వచ్చే కరెంట్లు J. మనం కనుక్కోవాల్సిన కూడలుల వోల్టేజీలు v. సమీకరణం `A G Aᵀ v = J`:

```python
import numpy as np
A = np.array([[1, 1, 0], [0, -1, 1]])
G = np.diag([1/2, 1/4, 1/4])
J = np.array([5, 0])
print(np.linalg.solve(A @ G @ A.T, J))
```

జవాబు 8, 4 వోల్టులు. సరిచూడండి: మొదటి శాఖలో 8/2 = 4 ఆంపియర్లు, రెండోదానిలో (8−4)/4 = 1. వచ్చిన 5 పోయిన 5కు సరి. బొమ్మ చూసి ఆలోచించే పని ఎక్కడా లేదు, శాఖల జాబితా ఉంటే చాలు. కంప్యూటర్‌కు ఈ పద్ధతి నచ్చేది అందుకే.

మీ నోట్సులో ఒకచోట ‘రెండో శాఖ 2వ కూడలికి’ అని మాత్రమే ఉంటే, పిల్లవాడు −1 బదులు +1 వేస్తాడు. అప్పుడు కంప్యూటర్ ఏ తప్పూ పట్టదు, 8, −4 అని నిమ్మళంగా చెబుతుంది. నిరోధాలు మాత్రమే ఉండి, కరెంటు ఆధారం నుంచి ఒక్క కూడలిలోకే వస్తున్నప్పుడు ఏ కూడలీ ఆధారం కన్నా కిందికి పోదు. కాబట్టి ఆ మైనస్‌ను చూడగానే అనుమానించాలి. ‘నుంచి’, ‘కు’ రెండూ రాయండి. ఈ పాఠంలో విభక్తి తప్పితే వోల్టేజి తప్పుతుంది.

ఒక హద్దు ఉంది. ఆదర్శ బ్యాటరీని శాఖగా పెడితే దానికి వాహకత్వం అంకె లేదు, Gలో వేయలేం. దాని కరెంటునూ తెలియని రాశిగా చేర్చి, దాని వోల్టేజి సమీకరణాన్ని మరో వరుసగా కలపాలి. 1975లో హో, రూలి, బ్రెన్నన్ ప్రచురించిన ఈ దారిని ‘సవరించిన కూడలి పద్ధతి’ అనండి. ‘సంస్కరించిన’ అనకండి, అక్కడ చెడ్డదేదీ లేదు, చాలనిది ఉంది.