నోట్‌బుక్ ఫోటోలోని రీడింగులు ఎక్సెల్‌లోకి: చుక్క పోకుండా ఎలా?

"ల్యాబ్ నోట్‌బుక్‌లో చేత్తో రాసిన టైట్రేషన్ రీడింగులు ఫోటో తీసి, అందులోంచి టేబుల్ చేస్తున్నాను. ఎక్కడో ఒకచోట చుక్క పోతోంది, యూనిట్లు కలిసిపోతున్నాయి. మీరెలా చేస్తున్నారు?"

నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో పనిచేశాను. ఆల్కలినిటీ రీడింగులు నోట్‌బుక్‌లో రాసుకుని, సాయంత్రం ఫోటో చూసి ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ణి. ఒకరోజు ఒక రైతు ఫోన్ చేశారు. "ఏవండీ, మొన్న నూట యాభై అన్నారు, ఇవాళ ఇరవై ఏడు అంటున్నారేంటండీ? సోడా వేసేయమంటారా?" గుండె జారిపోయింది. నోట్‌బుక్ తీసి చూస్తే అక్కడ ఆ చెరువు నీళ్లకి పట్టిన యాసిడ్ 7.35 మి.లీ. అని ఉంది. నేను 1.35 అని కొట్టాను, అందుకే లెక్కలో ఇరవై ఏడు వచ్చింది. మా దగ్గర రాసే అబ్బాయి ఏడుకి అడ్డగీత పెట్టడు, పైన కొక్కెం కూడా అంతంతమాత్రమే.

అప్పటినుంచి నేను లెక్క ఫలితం ఒక్కటే ఎక్కించడం మానేశాను. మొదటి రీడింగు, చివరి రీడింగు, నోట్‌బుక్‌లో తీసివేసి రాసిన తేడా, మూడూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తాను. ఎందుకంటే ఆ మూడూ ఒకదానికొకటి సాక్ష్యం. ఆ రోజు పేజీ ఇది, అన్నీ మి.లీ.లలోనే:

```
చెరువు   మొదట   చివర    తేడా
1        0.00   8.60    8.60
2        8.60   15.95   7.35
3        15.95  24.10   8.15
```

15.95 లోంచి 8.60 తీసేస్తే 7.35. నేను కొట్టిన 1.35 ఇక్కడే దొరికిపోయేది. ఇంకో ఆధారం కూడా ఉంది. బ్యూరెట్ మళ్లీ నింపకపోతే ఒక వరసలోని చివరి రీడింగే కింది వరసలో మొదటి రీడింగు అవుతుంది. ఫోటోలో చుక్క నోట్‌బుక్ గీత మీద పడి కలిసిపోతే 15.95 కాస్తా 1595 లాగా కనిపిస్తుంది. కింది వరస చూస్తే సంగతి తేలిపోతుంది.

మాది 50 మి.లీ. బ్యూరెట్, 0.1 గీతలది. సగం గీత వరకే చదువుతాం కాబట్టి రెండో దశాంశ స్థానంలో 0 గానీ 5 గానీ ఉండాలి. ఎక్కడైనా 15.93 అని కనిపిస్తే అది 5ని 3గా చదవడమే అని అనుమానిస్తాను.

ఎక్సెల్‌లో టైపు చేసేముందే ఆ గళ్లను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. లేకపోతే 8.60 అని కొడితే 8.6 అయి కూర్చుంటుంది. ఆ సున్నా ఊరికే రాయలేదు, ఎంత నిశితంగా చదివామో చెప్పేది అదే. ఇక తనిఖీకి, మొదటి రీడింగు B, చివరిది C, తేడా D నిలువు వరసల్లో ఉంటే:

```
=ROUND(VALUE(C3)-VALUE(B3),2)=ROUND(VALUE(D3),2)
=VALUE(B4)=VALUE(C3)
```

ROUND లేకపోతే కంప్యూటర్ దశాంశాల లెక్కలో వచ్చే అతిచిన్న తేడా వల్ల సరిగ్గా ఉన్న వరసలో కూడా FALSE రావచ్చు. అనవసరమైన టెన్షన్.

యూనిట్ల సంగతి. వాటిని ప్రతి గడిలో రాయకండి, హెడ్డింగులో ఒకేసారి రాయండి. నోట్‌బుక్‌లో పై వరసలో మి.లీ. అని రాసి, కిందంతా " గుర్తు పెడతారు కదా, ఫోన్‌లో ఫోటో నుంచి టెక్స్ట్ కాపీ చేస్తే అది నాకు 11 అయి వచ్చింది. ఒక సాయంత్రమంతా దానితోనే గడిచింది. నమూనా ఎన్ని మి.లీ. తీసుకున్నారో, యాసిడ్ నార్మాలిటీ ఎంతో పేజీ పైభాగంలో ఉంటాయి, ఫోటోలో తరచూ అవే తెగిపోతాయి. ఆ రెండూ లేకుండా టేబుల్ పనికిరాదు. మేం 50 మి.లీ. నమూనాకి 0.02 నార్మాలిటీ సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడేవాళ్లం. కాబట్టి తేడాని 20తో గుణిస్తే ఆల్కలినిటీ లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. 7.35 అంటే 147, 1.35 అంటే 27. రైతుకి చెప్పింది ఆ 27నే.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టుకోండి. పెన్ను నొక్కిన చోట గుంట నీడ పడి చుక్క కాస్త తేలుతుంది. వానాకాలం తేమకి ఇంకు అలికిపోయిన పేజీలకి ఇది బాగా పనికొస్తుంది.

తనిఖీలో FALSE వస్తే మాత్రం సరిచేసేయకండి. ఒక్కోసారి తప్పు నోట్‌బుక్‌లోనే ఉంటుంది, చేత్తో తీసివేసినప్పుడు పొరపాటు పడి ఉండొచ్చు. రాసింది రాసినట్టే ఉంచి, పక్కన ఒక గడిలో "నోట్‌బుక్‌లో తేడా 8.25, లెక్కకి 8.15" అని రాసి, రీడింగు తీసిన మనిషిని అడగండి. పేజీలో ఆఖరి వరసని మాత్రం నేను అసలు నోట్‌బుక్ చూసే పోల్చుకుంటాను. దానికింద ఇంకో వరస ఉండదు కదా, చివరి రీడింగుకి ఒక సాక్షి తక్కువ.