బ్యాంకు రాసిన వడ్డీ వేరు, మీరు కట్టిన వడ్డీ వేరు

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, ఏడాదికి 17 లక్షల జీతం. గాజువాకలో సొంత ఫ్లాట్, దాని మీద హోమ్ లోన్ ఉంది. మా అబ్బాయి ఎంఎస్ కోసం మా ఇద్దరి పేర 25 లక్షల ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం, ఈఎంఐ 34,500. నిరుడు జూన్‌లో బ్యాంకు ఇచ్చిన ప్రొవిజనల్ సర్టిఫికెట్‌లో 2,76,000 వడ్డీ ఉంటే అదే ఆఫీసులో ఇచ్చాను, పాత పన్ను విధానంలో టీడీఎస్ కోశారు. తర్వాత అబ్బాయి ఉద్యోగం పోయింది. నవంబర్ నుంచి ఆరు నెలలు ఈఎంఐ వాయిదాకు బ్యాంకు ఒప్పుకుంది. ఇప్పుడు ఫైనల్ సర్టిఫికెట్‌లో రెండు అంకెలు కనిపిస్తున్నాయి: వేసిన వడ్డీ 2,79,000, చెల్లించిన వడ్డీ 1,64,000. ఫారం 16లో ఉన్నట్టే రిటర్న్ వేసేయొచ్చా? లేక మా ఆవిడ నగల మీద గోల్డ్ లోన్ తీసుకుని ఆ మిగతా వడ్డీ కట్టేస్తే సరిపోతుందా? చేతిలో 40 వేలకు మించి లేదు. అబ్బాయికి ఏప్రిల్‌లో మళ్లీ ఉద్యోగం వచ్చింది, నెలకు 40 వేలు పంపుతానంటున్నాడు.

జవాబు: ముందు ఆ నగలు బీరువాలోనే ఉంచండి. 2025-26 ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోయింది. ఈ రోజు మీరు కట్టే రూపాయి ఏదైనా ఈ ఏడాది లెక్కలోకే వస్తుంది, నిరుటి రిటర్న్‌లోకి వెనక్కి వెళ్లదు. పైగా ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80ఇ ప్రకారం ఆ వడ్డీని పన్ను పడే మీ ఆదాయంలోంచే కట్టి ఉండాలి. నగలు కుదువపెట్టి తెచ్చిన అప్పు ఆదాయం కాదు కదా! పన్ను మినహాయింపు కోసం ఒక అప్పు వడ్డీని ఇంకో అప్పుతో తీర్చడం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం. ఇలాంటి ఉత్తరాలు ప్రతి జులైలోనూ వస్తాయి కాబట్టే మీది ఇక్కడ తీసుకున్నాను.

అసలు మెలిక ఎక్కడుందంటే, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒక అంచనా మాత్రమే. ఏడాదంతా ఈఎంఐలు సవ్యంగా పడతాయనుకుని కంప్యూటర్ ముందే వేసిన లెక్క అది. మీకు నవంబర్‌లో వాయిదా దొరకగానే ఆ లెక్క తప్పిపోయింది. ఆ సంగతి జనవరిలో ఆఫీసుకు చెప్పి ఉంటే చివరి మూడు జీతాల్లో టీడీఎస్ సర్దేవారు.

ఇక ఆ రెండు అంకెలు. హోమ్ లోన్‌ విషయంలో సెక్షన్ 24(బి) కింద ఆ ఏడాదికి కట్టవలసిన వడ్డీ చూపించుకోవచ్చు, ఒక ఈఎంఐ ఆలస్యమైనా ఆ నెల వడ్డీ లెక్కలోకి వస్తుంది. అసలుకి మాత్రం కట్టిందే చెల్లుతుంది. ఎడ్యుకేషన్ లోన్ అలా కాదు. 80ఇలో నిజంగా కట్టిన వడ్డీయే వడ్డీ. వాయిదా నెలల్లో బ్యాంకు మీ ఖాతాలో వడ్డీ వేస్తూనే పోయింది, మీరు కట్టలేదు. కాబట్టి మీకు చెల్లేది ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా కట్టిన ఏడు ఈఎంఐల్లోని 1,64,000 మాత్రమే. మిగతాది ఎక్కడికీ పోదు. మీరు కట్టాక బ్యాంకు వడ్డీ కింద జమ చేసుకున్న ఏడాదిలో అడగొచ్చు.

కొన్ని బ్యాంకుల సర్టిఫికెట్‌లో ఒకే అంకె ఉంటుంది. అది వేసిన వడ్డీయా, కట్టిన వడ్డీయా అన్నది తేలదు. అప్పుడు లోన్ స్టేట్‌మెంట్ తీయండి. డెబిట్ వైపు ప్రతి నెలాఖరున పడేది బ్యాంకు వేసిన వడ్డీ, క్రెడిట్ వైపు ఉన్నవి మీరు కట్టినవి. మీ స్టేట్‌మెంట్‌లో నవంబర్ నుంచి మార్చి దాకా క్రెడిట్ వైపు ఖాళీగానే ఉంటుంది. అలా ఉన్నప్పుడు సర్టిఫికెట్‌లోని పెద్ద అంకెను నమ్మకండి. ‘సంవత్సరంలో వాస్తవంగా చెల్లించిన వడ్డీ’ అని రాసి ఇమ్మని బ్రాంచిలో అడగండి.

ఫారం 16లో ఉన్నట్టే వేసేద్దామా అన్నారు. వద్దు. ఇప్పుడు 80ఇ కింద అడగాలంటే రిటర్న్‌లో లోన్ అకౌంట్ నంబరు, మంజూరైన తేదీ, మార్చి 31 నాటి బాకీ అన్నీ రాయాలి. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపారని తేలితే, ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా దాకా పోతుంది.

సరైన అంకె వేస్తే పన్ను ఎంత పెరుగుతుందో చూద్దాం. వృత్తి పన్ను పక్కన పెడతాను. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సి కింద లక్షన్నర, ఇంటి వడ్డీ 2 లక్షలు మీకు పూర్తిగా ఉన్నాయనుకుందాం. 2,76,000తో పన్ను సుమారు 1,24,500, మీ ఆఫీసు కోసింది దాదాపు ఇంతే అయి ఉండాలి. 1,64,000తో అది 1,59,400 అవుతుంది. అంటే ఇంకో 35 వేలు, ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం వడ్డీ అదనం. కానీ అదే జీతానికి కొత్త విధానంలో, ఏ మినహాయింపూ అడక్కుండా, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌తో పన్ను 1,30,000. ప్రొవిజనల్ అంకె ఉన్నంతసేపు పాత విధానమే లాభంగా కనిపించింది. అసలు అంకె వచ్చాక తారుమారైంది. ఆఫీసులో పాతది ఎంచుకున్నా రిటర్న్‌లో కొత్తదానికి మారే హక్కు జీతగాళ్లకు ఉంది. అలా మారితే మీరు కట్టాల్సింది దాదాపు 5,500. బకాయి 10 వేల లోపే కాబట్టి ముందస్తు పన్ను కట్టలేదన్న వడ్డీ కూడా పడదు. మీ అసలు అంకెలతో ఒకసారి లెక్క వేయించి, ఈ-పే ద్వారా కట్టి, రిటర్న్ వేయండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 80ఇ గడువు వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లే. కొత్త విధానంలో ఉన్న ఏడాది కూడా అందులో ఖర్చయిపోతుంది.

ఇప్పుడు నాకు అసలు దిగులు పుట్టించిన మాటకి వస్తాను: ‘చేతిలో 40 వేలు’. వాయిదా దొరికాక మార్చి దాకా ఐదు నెలల్లోనే మీకు మిగిలిన ఈఎంఐ డబ్బు లక్షా 72 వేలు. అది ఎటుపోయిందో మీరు రాయలేదు, నేను అడగను. రెండు ఈఎంఐలు, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు లక్ష అవుతుందనుకున్నా, ఆరు నెలలకు 6 లక్షలు అత్యవసర నిధిగా ఉండాలి. ఒక్క ఉద్యోగం ఊగితేనే నగల దాకా వెళ్లాల్సి వచ్చింది. రేపు మీ ఉద్యోగానికే ఏదైనా అయితే ఫ్లాట్ దాకా పోతుంది.

అబ్బాయి పంపే 40 వేలను ఈఎంఐ ఖాతాలో వేయించకండి. ఈఎంఐ మీ జీతం ఖాతాలోంచే పోవాలి, అప్పుడే 80ఇ మీ పేరు మీద నిలుస్తుంది. అతని డబ్బు వేరే ఖాతాలో నెలనెలా పడనివ్వండి. కొడుకు నుంచి వచ్చింది కాబట్టి మీకు దాని మీద పన్ను ఉండదు. చేతిలో ఉన్న 40 వేలూ కలిపితే పద్నాలుగు నెలల్లో 6 లక్షలు అవుతుంది. సగం సేవింగ్స్‌లో, సగం ఎప్పుడైనా తీయగలిగే ఎఫ్‌డీలో పెట్టండి. మ్యూచువల్ ఫండ్ మాట అప్పటిదాకా ఎత్తకండి. టర్మ్ ఇన్సూరెన్స్ మీకొకటి, అబ్బాయికొకటి, రెండు లోన్ల బాకీకి సరిపడా, ఈ నెలలోనే తీసుకోండి.