నాపరాతి మీది నల్లని ఆకు శిలాజమేనా?

సందేహం: అయ్యా, మా కొత్త ఇంట్లో పరిచిన నాపరాళ్లలో ఒకదాని మీద ఫెర్న్ ఆకులాంటి నల్లని గుర్తు ఉంది. ఫోటో జతచేస్తున్నాను. దీన్ని శిలాజం అనవచ్చా, వేరే మాట ఉందా? అసలు రాతిలోకి ఆకు ఎలా వస్తుంది?
– ఒక పాఠకురాలు, నంద్యాల

సమాధానం: ఫోటోను బట్టి చెప్పగలిగినంతవరకు అది ఆకు కాదు. రాతి బీటల్లోకి దిగిన నీరు తనతో తెచ్చిన మాంగనీసు, ఇనుము ఆక్సైడులు పొరకూ పొరకూ మధ్య పలుచగా పేరుకొని కొమ్మలు కొమ్మలుగా పాకితే ఇటువంటి ఆకృతి ఏర్పడుతుంది. ముందుకు చొచ్చుకుపోయిన కొనకు ఖనిజం కలిసిన నీరు ఎక్కువగా అందుతుంది గనుక అది ఇంకా ముందుకు సాగుతుంది, వెనుకబడిన భాగం అక్కడే ఆగిపోతుంది. అందుకే దానికి చెట్టు రూపం వస్తుంది. భూవిజ్ఞానులు దీనిని డెండ్రైట్ అంటారు. మీ ఫోటోలో కొమ్మలన్నీ రాతి అంచున ఉన్న ఒక బీట నుంచే బయలుదేరుతున్నాయి. నిజమైన ఆకుకు తొడిమ, నడిమి ఈనె, దాని నుంచి ఒక క్రమంలో చీలే పిల్ల ఈనెలు, తెగినట్టుండే అంచు ఉంటాయి. ఇక్కడ వాటిలో ఒక్కటీ లేదు. పైగా కర్నూలు, కడప ప్రాంతాల నాపరాయి 50 కోట్ల ఏళ్లకు పైబడినది. అది సముద్రం అడుగున సున్నపు బురదగా పేరుకుంటున్న నాటికి నేల మీద ఫెర్న్ మొక్కలు పుట్టనే లేదు.

ఇక మాట సంగతి. ‘శిలాజం’లోని ‘జ’ జన్ ధాతువు నుంచి వచ్చింది. పాణిని ‘సప్తమ్యాం జనేర్డః’ అన్నాడు గనుక శిలయందు పుట్టినది అని చెప్పుకోవచ్చు. ఆ వెంటనే పంచమికి కూడా సూత్రం చెప్పాడు గనుక శిల నుండి పుట్టినది అనీ చెప్పుకోవచ్చు. అమరకోశం ‘అశ్మజం’ అనే పదాన్ని శిలాజతువుకు పర్యాయంగా ఇచ్చింది, అంటే కొండరాళ్ల నుంచి స్రవించే పదార్థానికి. రాతిలోనే పుట్టినదాన్ని ప్రాచీనులు అలా పిలిచారన్నమాట. ఆ లెక్కన చూస్తే మీ డెండ్రైట్ అక్షరాలా శిలాజమే, చెట్టున పుట్టి రాతిలో చేరిన ఆకు కాదు! అయినా ఆధునిక శాస్త్రం ఈ మాటను పూర్వపు జీవుల ఆనవాలుకే రూఢి చేసింది, ఆ రూఢిని మనం కాదనలేము. దాన్ని సమర్థించడానికీ దారి ఉంది: ఆకు చెట్టున పుట్టింది గాని, దాని ముద్ర పుట్టింది మాత్రం రాతిలోనే.

ఆ పుట్టుక ఎలాగో సింగరేణి బొగ్గుపొరల వెంట దొరికే గ్లోసాప్టెరిస్ ఆకు చూపిస్తుంది. నాలుక ఆకారంలో ఉండే ఆ ఆకు 25 కోట్ల ఏళ్లకు ముందు ఒక చిత్తడి నేలలో రాలింది. అది కుళ్లిపోయేలోగానే మెత్తని ఒండ్రు దానిని కప్పింది. నిలవనీటి అడుగున ఆక్సిజన్ తక్కువ గనుక కుళ్లు నెమ్మదించింది. పైన పొర మీద పొర పడేకొద్దీ ఆ బరువుకు బురదలోని నీరు పిండుకుపోయి, బురద షేల్ అనే పొరల రాయిగా గట్టిపడింది. ఆకులోని హైడ్రోజన్, ఆక్సిజన్ క్రమంగా వెళ్లిపోగా పలుచని బొగ్గు పొర మిగిలింది. కొన్నిచోట్ల అదీ పోయి ఈనెల అచ్చు మాత్రమే నిలిచింది. ఈనెల వల అంతా కనబడడానికి కారణం ఒండ్రు రేణువులు ఆ ఈనెల కంటే సన్ననివి కావడం. అదే ఆకు ముతక ఇసుకలో పడి ఉంటే, మహా అయితే అంచుల రూపు దక్కేది. అటువంటి రాతిని పొర వెంట చీలిస్తే ఒక పలక మీద ఉబ్బు, ఎదుటి పలక మీద దానికి సరిపోయే పల్లం కనిపిస్తాయి.

పత్రికలవారు రాతి మీద ఏ గీత కనబడినా ‘శిలాజ అవశేషాలు’ అని రాయడం మానుకోవాలి. శిలాజమంటేనే అవశేషం, రెండో మాట వృథా. గీతలన్నీ శిలాజాలు కూడా కావు. బొగ్గు పొర కూడా పోయి అచ్చు మాత్రమే మిగిలినదానికి ‘ఆకుముద్ర’ అనడం నాకు ఇష్టం, అయితే ‘శిలాజం’ తప్పని అనను. మీ బండ మీది దానికి మాత్రం ఈ రెండూ వద్దు, డెండ్రైట్ అనే రాయండి.

తుది మాట ఫోటోతో తేలదు. టార్చిలైటును బండకు ఆనించి ఏటవాలుగా వేసి, భూతద్దంతో చూడండి. ముద్ర అయితే ఈనెల వెంట చిన్న నీడలు పడతాయి. డెండ్రైట్ అయితే నలుపు తప్ప ఎత్తుపల్లాలు కనబడవు. మెరుగుపెట్టిన బండ అయితే ముద్రకు కూడా ఎత్తుపల్లాలు అరిగిపోయి ఉంటాయి. అప్పుడు నడిమి ఈనె ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.