రాయబారాలు మానుకో, అమ్మాయ్

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆఫీసులో ఎవరికి ఎవరితో పడకపోయినా నీ దగ్గరికే వస్తున్నారని, అందరికీ సర్దిచెప్పి ఇంటికొచ్చేసరికి నోట మాట రావడం లేదని రాశావు. చివర్లో "ఇది నా గుణమేమో అత్తయ్యా" అన్నావు. గుణం సంగతి తర్వాత చూద్దాం. నా 30 ఏళ్ల ఉద్యోగంలో పదేళ్లకు పైగా ఈ జీతం లేని రాయబారం నేనూ నడిపాను. అప్పటి సంగతి ఒకటి చెబుతాను.

మా సెక్షన్‌లో బిల్లులు తయారుచేసే ఆయనకీ, ఆయనకు వివరాలు పంపే ఆవిడకీ పడేది కాదు. ఆవిడ కాగితాలు సాయంత్రం నాలుగున్నరకు పంపేది. ఆయన ఏడింటి దాకా కూర్చోవాల్సి వచ్చేది. రోజూ నా టేబుల్ దగ్గరికొచ్చి, "కావాలనే చేస్తోంది, నన్ను ఏడిపించడానికే" అనేవాడు. నేను ఆవిడ దగ్గరికెళ్లి, "వీలైతే కొంచెం ముందు పంపగలరేమో అని అడుగుతున్నారండీ" అనేదాన్ని. ఆవిడ, "ఆయనకేం, కూర్చుని మాటలు చెబుతాడు. నాకు కింది నుంచి వివరాలు వచ్చేదే మూడింటికి" అనేది. నేను తిరిగొచ్చి ఆయనతో, "పాపం, ఆవిడకీ పని ఎక్కువగా ఉందట" అనేదాన్ని.

ఏం జరిగిందో చూశావా? ఆయన కోపంలో సగం నేను మింగేశాను. అందుకని ఇదేమంత పెద్ద విషయం కాదని ఆవిడ అనుకుంది. ఆవిడ చెప్పిన మూడు గంటల సంగతి, అసలు తెలియాల్సిన సంగతి, నేనే పక్కన పడేసి "పని ఎక్కువ" అని చెప్పాను. అంత చెప్పి పంపినా ఆవిడ లెక్కచేయడం లేదని ఆయన అనుకున్నాడు. నేను మాటలు మెత్తబరిచిన కొద్దీ తగువు గట్టిపడింది. ఇలా ఎనిమిది నెలలు నడిచింది.

తర్వాత నేను పది రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఎలాగోలా మాట్లాడేసుకున్నారు. మూడున్నరలోపు ఎన్ని వస్తే అన్ని ఆ రోజే చేస్తాడు, ఆ తర్వాత వచ్చినవి మర్నాడు. అంతే, అయిపోయింది. నిజం చెప్పనా, నాకు సంతోషం కలగలేదు, చిన్నతనం అనిపించింది. ఎనిమిది నెలలు నేను మోసింది వాళ్లకు అక్కర్లేదన్నమాట! ఆ చిన్నతనం నుంచి తేరుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. నీకూ అలా అనిపిస్తే కంగారుపడకు.

కుటుంబాల మీద పనిచేసిన అమెరికా మానసిక వైద్యుడు మర్రే బోవెన్ దీన్ని త్రిభుజం అన్నాడు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడో మనిషిని లాక్కుంటారు. మూడో మనిషి దగ్గర కక్కేశాక కాస్త తేలికవుతుంది. ఆ తేలిక వల్లే నేరుగా మాట్లాడుకోవాల్సిన తొందర పోతుంది. టెన్షన్ మాత్రం ఎక్కడికీ పోదు, మూడో మూలకు చేరుతుంది. ఆ మూల నువ్వు. వాళ్లు నీ దగ్గర నుంచి నవ్వుతూ వెళ్తున్నారు, నువ్వు రాత్రి పక్కమీద వాళ్ల మాటలు మళ్లీ మళ్లీ వింటున్నావు అని రాశావే, అది ఇదే.

ఇప్పుడు చేయాల్సింది. ముందు రెండు వారాలు ఒక కాగితం పెట్టుకో. ఎవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఇదే విషయం మీద ఇది ఎన్నోసారి, అన్నీ రాయి. పేర్లు పూర్తిగా రాయకు, కాగితం ఎవరి చేతిలోనైనా పడొచ్చు. ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురివే, అవే రెండు విషయాలే అని తేలుతుందని నా అనుమానం. నాకు అలాగే తేలింది.

తర్వాత, ఎవరైనా వచ్చి మొదలుపెట్టగానే రెండు ప్రశ్నలు అడుగు. "ఊరికే వినమంటావా, ఏమైనా చేద్దామంటావా?" అనేది ఒకటి. "ఈ మాట ఆయనతో అన్నావా?" అనేది రెండోది. వినమంటే పది నిమిషాలు విను, పది నిమిషాలేనని ముందే చెప్పు. ఏమైనా చేయాలంటే, మాట మోయనని చెప్పు. "నువ్వే అడుగు, కావాలంటే నేనూ కూర్చుంటాను" అను. అలా కూర్చోవాల్సి వస్తే ఒక్క విషయమే తీసుకోండి. ఇద్దరూ చెరో మూడు నిమిషాలు, మధ్యలో అడ్డం రాకుండా చెప్పాలి. ఎవరిది తప్పో నువ్వు తేల్చకు. రేపటి నుంచి ఎవరు, ఏ పని, ఎన్నింటికి చేస్తారో వాళ్ల చేతే రాయించు. 20 నిమిషాల్లో తేలకపోతే అది వాళ్ల పైవాళ్ల దగ్గరికి పోవాల్సిన విషయం.

పైవాళ్లంటే గుర్తొచ్చింది. మీ మేనేజర్ "నువ్వు చెబితే వింటారు" అని నీ మీదికి నెడుతున్నాడన్నావు. అది మెచ్చుకోలు కాదు, ఆయన పని నీకు అంటగట్టడం. "మీరు చెబితేనే పట్టించుకుంటారండీ" అని నవ్వుతూ వెనక్కి ఇచ్చేయ్. మళ్లీ నెడితే, ఈ పనికి వారంలో ఎన్ని గంటలు పోతోందో నీ కాగితం చూసి చెప్పు.

మొదట్లో ముఖాలు మాడతాయి. "నువ్వు మారిపోయావు" అంటారు. ఒకరిద్దరు ఇంకో టేబుల్ వెతుక్కుంటారు, వెతుక్కోనీ. నువ్వు మాత్రం ఆ కొన్ని వారాల్లో జాలిపడి ఒక్కసారి మాట మోశావంటే, ఇంకాస్త గట్టిగా అడిగితే వింటావని వాళ్లకు తెలిసిపోతుంది.

అన్నిటికీ ఈ పద్ధతి పెట్టకు. ఎవరైనా వేధింపుల గురించి చెబితే, పైఅధికారి భయపెడుతున్నాడంటే, "నేరుగా మాట్లాడు" అనడం అన్యాయం. బలం సమానంగా లేనిచోట ముగ్గురూ కూర్చోవడాలు పనికిరావు. వాళ్లను ఫిర్యాదు తీసుకునే చోటికి పంపు, తోడు వెళ్లు. ప్రాణం తీసుకునే మాట ఎవరి నోటైనా వస్తే దాన్ని రహస్యంగా దాచకు, ఆ మనిషిని ఒంటరిగా వదలకు, వెంటనే ఇంట్లోవాళ్లకో డాక్టరుకో చేర్చు.

ఇక నీ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌కి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి లేదా ఏవగింపు, చేసే పనిలో పట్టు తగ్గడం. దాన్ని జబ్బుగా లెక్కవేయలేదు, అదుపు తప్పిన పని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. నీ మాటల్లో మొదటిది కనబడుతోంది. రెండోది ఎలా ఉంటుందో నేను చూశాను. ఒకరోజు ఒకామె నా ఎదుట ఏడుస్తుంటే నేను గడియారం చూస్తున్నాను. ఆమె మీద కోపం కూడా లేదు, ఏమీ లేదు. అంతదాకా రానివ్వకు. నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే డాక్టరుకు చూపించుకో.

గుణం గురించి అడిగావు కదా. వినే గుణం ఉంది నీకు, చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ మాటలు మోయడం గుణం కాదే, అలవాటు. ఎవరూ నీ ముందు గొడవపడకూడదనే భయం నుంచి వచ్చింది. మీ నాన్నా నేనూ గొడవపడ్డప్పుడల్లా అటూ ఇటూ కబుర్లు మోసింది నువ్వే. ఆ పని నీకు అప్పగించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇక నుంచి మీ నాన్నకు చెప్పాల్సింది ఉంటే నేనే ఫోన్ చేస్తాను.

రెండు వారాల కాగితం నాకూ పంపు.

మీ అత్తయ్య