కేబుల్ కనెక్షన్ మాన్పించేటప్పుడు బాక్స్, డిపాజిట్ లెక్క

ప్రశ్న: వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. కేబుల్ వద్దని ఆపరేటర్‌కి ఫోన్‌లో చెప్పేశాం. బాక్స్ వెనక్కి ఇవ్వాలా? మేం కట్టిన 500 వస్తాయా?

జవాబు: ముందు కనెక్షన్ తీసుకున్నప్పటి రసీదు వెతకండి. ఆ 500 ఎదురుగా 'డిపాజిట్' అని ఉంటే బాక్స్ వాళ్లది, తిరిగి ఇవ్వాలి, డబ్బు వస్తుంది. బాక్స్ ఖరీదు అని ఉంటే అది మీ సొంతం, ఇవ్వక్కర్లేదు. కాకపోతే ఇంకో కంపెనీ కేబుల్‌కి ఆ బాక్స్ పనిచేయదు. 'ఇన్‌స్టలేషన్', 'యాక్టివేషన్' అని రాసిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. చాలామందికి గొడవ వచ్చేది ఇక్కడే. బాక్స్‌ని ఆపాల్సింది మీ ఆపరేటర్‌కి సిగ్నల్ ఇచ్చే పై కంపెనీ సిస్టంలో. మీ వీధి ఆపరేటర్ అక్కడ ఆపించకపోతే నెలనెలా మీ పేరున బాకీ పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఏ తేదీ నుంచి వద్దో రాసి ఆపరేటర్‌కి వాట్సాప్ చేయండి. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబరు, వీసీ నంబరు అందులో పెట్టండి. కంపెనీ కస్టమర్ కేర్‌కీ అవే చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ తేదీ దాటాక బాక్స్ ఆన్ చేసి చూడండి. ఉచిత ఛానళ్లు కూడా రాకపోతే ఆపినట్టే. వస్తుంటే ఇంకా ఆపలేదన్నమాట.

బిల్లు లెక్క ఇలా అడగండి. జీఎస్టీతో కలిపి నెలకి 300 అనుకుందాం, 12వ తేదీతో ఆపారు. రోజుకి 10 చొప్పున 120 అవుతుంది. డిపాజిట్ 500లోంచి అది పోను మీకు 380 రావాలి. 300లో పన్ను కలిసే ఉంది కాబట్టి దాని మీద మళ్లీ 18 శాతం వేస్తే ఒప్పుకోకండి. నెల డబ్బు ముందే కట్టేసి ఉంటే కోత ఉండకూడదు, మిగిలిన రోజులది మీరే అడగాలి.

బాక్స్ ఇచ్చేముందు ఆపరేటర్ మనిషి ఎదురుగా ఆన్ చేసి చూపించండి. తర్వాత 'కాలిపోయింది' అంటే నిరూపించలేరు. రిమోట్, అడాప్టర్, స్మార్ట్ కార్డు ఉంటే అదీ కలిపి ఇవ్వండి. వైరు కత్తిరించకండి. మీ ఇంట్లోని స్ప్లిటర్ నుంచే పక్కింటికి లైన్ పోతుండొచ్చు. బాక్స్ వెనక కనెక్టర్‌ని చేత్తో తిప్పితే ఊడివస్తుంది.

రసీదు లేకుండా బాక్స్ చేతికివ్వకండి. చిన్న కాగితమైనా చాలు: "సీరియల్ నంబరు ఫలానా బాక్స్, రిమోట్, అడాప్టర్ పనిచేసే స్థితిలో ముట్టాయి. బాకీ లేదు. డిపాజిట్‌లో 380 మేం ఇవ్వాలి." కింద తేదీ, సంతకం.

డబ్బు ఇవ్వకుండా తిప్పుతుంటే కస్టమర్ కేర్ ఫిర్యాదు నంబరుతో కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి రాయండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. ఆ రసీదు ఫొటో అక్కడ పనికొస్తుంది.