జనరేషన్ టైమ్ లెక్కలో ఆ ఒక్క నిమిషం తేడా ఎక్కడిది?

ప్రశ్న: జనరేషన్ టైమ్ 30 నిమిషాలున్న బ్యాక్టీరియా 500 కణాలతో మొదలైతే 6 గంటలకు ఎన్ని అవుతాయి, 10 లక్షలకు ఎప్పుడు చేరతాయి? రెండోదానికి నాకు 5 గంటల 30 నిమిషాలు వచ్చింది. కీలో 5 గంటల 29 నిమిషాలు అని ఉంది. అరగంటకోసారి కదా చీలేది, మధ్యలో 29వ నిమిషం ఎలా వస్తుంది? ఇంకో సంగతి, మా ప్రాక్టికల్స్‌లో కౌంట్ ఎప్పుడూ ఈ లెక్కకు తక్కువే వస్తోంది. ఎందుకు?

జవాబు:

కీలో ఉన్నదే కరెక్ట్. నేను గుంటూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, ఇప్పుడు విజయవాడ దగ్గర ఒక పాల డెయిరీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటే ఈ 29వ నిమిషం దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆగిపోతారు. ఆగాల్సిన చోటే అది.

మొదటి భాగం తేలిక. 6 గంటలంటే 360 నిమిషాలు, అంటే 12 తరాలు. 2ను 12 సార్లు హెచ్చిస్తే 4,096. దాన్ని 500తో గుణిస్తే 20,48,000. ఫార్ములా ఇదే, ఇందులో N0 మొదటి కౌంట్, N చివరి కౌంట్, t గడిచిన సమయం, g జనరేషన్ టైమ్:

```
N = N0 × 2^(t/g)
```

రెండో భాగానికి వద్దాం. 500 నుంచి 10 లక్షలంటే 2,000 రెట్లు. 2ను ఎన్నిసార్లు హెచ్చిస్తే 2,000 వస్తుందో చూడాలి. లాగ్ టేబుల్ చాలు: log 2000 = 3.3010, log 2 = 0.3010. భాగిస్తే 10.967 తరాలు. 30తో గుణిస్తే 329 నిమిషాలు, అదే 5 గంటల 29 నిమిషాలు. మీరు బహుశా 1,000, 2,000, 4,000 అని రెట్టింపు చేసుకుంటూ పోయి, 11వ తరంలో 10,24,000 రాగానే ఆగి ఉంటారు. ఆ అంకె తప్పు కాదు, 5:30కి ఉండేది సరిగ్గా అంతే. కానీ అడిగింది 10 లక్షలు ఎప్పుడు దాటాయని.

ఇక 10.967 తరాలంటే ఏమిటి? ఒకే ఒక్క కణంతో మొదలుపెడితే మీ అనుమానం న్యాయమే. అది అరగంట దాకా ఒకటిగానే ఉండి, అప్పుడు రెండవుతుంది. 500 కణాల కల్చర్ అలా నడవదు. వాటిలో కొన్ని అప్పుడే చీలి పుట్టినవి, కొన్ని సగం పెరిగినవి, కొన్ని ఇంకో నిమిషంలో చీలబోయేవి. అన్నీ ఒక్కసారిగా చీలడానికి అక్కడ గంట కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి ఏ నిమిషం చూసినా కొన్ని చీలుతూనే ఉంటాయి, మొత్తం మీద నిమిషానికి దాదాపు 2.3 శాతం చొప్పున సంఖ్య పెరుగుతుంది. నిమిషం నిమిషానికీ అసలులో కలిసిపోయే చక్రవడ్డీ అనుకోండి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టి చూడండి. 330వ నిమిషంలో 10,24,000 ఉన్నాయి. 329లో సుమారు 10,00,600. 328లో ఇంకా 9,78,000 లోపే. మీకూ కీకీ మధ్య తేడా వచ్చిన ఆ ఒక్క నిమిషంలోనే 23 వేల పైచిలుకు కణాలు కొత్తగా వచ్చాయి.

ప్రాక్టికల్స్‌లో తక్కువ రావడానికి చాలాసార్లు ఒకటే కారణం. ఫార్ములా పనిచేసేది లాగ్ ఫేజ్‌లో మాత్రమే, మీరేమో గడియారాన్ని ఇనాక్యులేషన్ నుంచే మొదలుపెడతారు. ఫ్రిజ్‌లో పెట్టిన స్లాంట్ నుంచో, రాత్రంతా పెరిగి ఆహారం అయిపోయిన బ్రాత్ నుంచో తీసిన కణాలు కొత్త మీడియంలో పడగానే చీలడం మొదలుపెట్టవు. ముందు కావలసిన ఎంజైములు తయారుచేసుకోవాలి. అదే ల్యాగ్ ఫేజ్.

ఒక ఉదాహరణ చూద్దాం. 0.1 మి.లీ. చొప్పున ప్లేట్ చేశారనుకోండి. మొదట్లో నేరుగా వేసిన ప్లేట్‌లో 200 కాలనీలు, అంటే మి.లీ.కి 2,000. 2 గంటలకు పదో వంతు డైల్యూషన్‌లో 80 కాలనీలు, అంటే 8,000. 4 గంటలకు వందో వంతు డైల్యూషన్‌లో 120, అంటే 1,20,000.

మొదటి నుంచి చివరికి లెక్క వేస్తే 60 రెట్లు. అంటే 5.9 తరాలు, జనరేషన్ టైమ్ 40 నిమిషాల పైనే వస్తుంది. 2 గంటల నుంచి 4 గంటల దాకా మాత్రమే తీసుకుంటే 15 రెట్లు, 3.9 తరాలు, అంటే 31 నిమిషాల లోపే. నమ్మాల్సింది రెండోదాన్ని. ఆ వేగంతో 5.9 తరాలకు 181 నిమిషాలు పడుతుంది. గడిచింది 240 కాబట్టి మిగిలిన గంటసేపూ ల్యాగ్‌లో పోయింది.

ఇదంతా సరిచూసుకోవడానికి సెమీలాగ్ గ్రాఫ్ పేపర్ మీద కౌంట్లు పెట్టండి. గీత వంపు లేకుండా తిన్నగా సాగిన ముక్కలోంచి మాత్రమే రెండు పాయింట్లు తీసుకోవాలి. అందుకు మూడు రీడింగులు చాలవు, అరగంటకొకటి ఉండాలి. అయితే శాంపిల్ తీసినప్పుడల్లా ఫ్లాస్క్‌ను ఏసీ గదిలో టేబుల్ మీద పెట్టి కబుర్లలో పడితే అది చల్లబడుతుంది, ఆ కాసేపూ వేగం తగ్గి గీత వంగుతుంది. మా బ్యాచ్ ప్రాక్టికల్స్‌లో సగం గీతలు అలాగే వంగేవి.

పై వైపు కూడా హద్దుంది. ఇదే 500ను 24 గంటలు ఫార్ములాలో నడిపితే 1.4 × 10^17 కణాలు వస్తాయి. కణం బరువు సుమారు 10^-12 గ్రాము అనుకున్నా 140 కిలోలు! బ్రాత్‌లో సాధారణంగా మి.లీ.కి 10^9 ప్రాంతంలో పెరుగుదల ఆగిపోతుంది. జవాబు దాన్ని దాటితే ఆ జవాబును నమ్మకండి.

డెయిరీలో నాకు రోజూ పనికొచ్చేది థ్రెషోల్డ్ లెక్కే. క్యాన్‌లో పాలు మి.లీ.కి 20,000తో మొదలయ్యాయని, 50 లక్షలు హద్దని, జనరేషన్ టైమ్ 30 నిమిషాలని అనుకుందాం. 250 రెట్లంటే దాదాపు 8 తరాలు, 4 గంటలు. క్యాన్ ఇంకాస్త శుభ్రంగా కడిగి మొదటి కౌంట్‌ను సగం చేస్తే కలిసొచ్చేది ఒక్క తరం, అరగంట. పదో వంతుకు తగ్గిస్తే 3.3 తరాలు, సుమారు 100 నిమిషాలు. అదే 20,000తోనే మొదలుపెట్టి, పాలు చల్లబరిచి జనరేషన్ టైమ్‌ను గంటకు పెంచితే 4 గంటలు కాస్తా 8 అవుతాయి. సమయం కనుక్కునే లెక్కలో N0 లాగ్ లోపల ఉంది, g బయట నుంచి గుణిస్తోంది. మే నెలలో తెనాలి వైపు నుంచి క్యాన్లు వచ్చేటప్పుడు మేము ముందుగా అడిగేది పాలు ఎన్ని గంటలకు పిండారు, ఎప్పుడు చల్లబరిచారు అనే.

పరీక్షలో ల్యాగ్ ఇన్ని నిమిషాలని ఇస్తే, థ్రెషోల్డ్ ప్రశ్నలో దాన్ని వచ్చిన జవాబుకు చివర్లో కలపండి. కౌంట్ అడిగితే t లోంచి ముందే తీసేయండి. మీ లెక్కకే గంట ల్యాగ్ ఇచ్చారనుకోండి, 6 గంటలకు 20,48,000 బదులు 5,12,000 ఉంటాయి, 10 లక్షలు దాటేది 6 గంటల 29 నిమిషాలకు.